సెల్ఫీ చూసి "రాత్రి నిద్రపోలేదు" అని డ్యూటీ ఆపేస్తున్నారు. ఫోటోలో నిజంగా తెలుస్తుందా?

పరవాడ_రూట్_బస్
గాజువాక నుంచి పరవాడ ఫార్మా కంపెనీలకు స్టాఫ్ బస్సు నడుపుతాను. పదకొండేళ్ళ సర్వీసు, ఇంతవరకు చిన్న గీత కూడా పడలేదు. మూడు నెలల క్రితం మా కాంట్రాక్టరు కొత్త రూలు పెట్టాడు. తెల్లవారుజామున నాలుగుంపావుకు తాళాలు తీసుకునే ముందు షెడ్డు దగ్గర సెల్ఫీ తీసి గ్రూపులో పెట్టాలి. సూపర్‌వైజరు ఇంటి దగ్గర నుంచే అది చూసి సరే అంటేనే బండి తీయాలి. ఈ నెలలో నన్ను రెండుసార్లు వెనక్కి పంపారు. "కళ్ళు గుంటలు పడ్డాయి, ముఖం పాలిపోయింది, నువ్వు పడుకోలేదు" అన్నారు. ఆ రెండు రాత్రులూ ఎనిమిదికే పడుకుని మూడింటికి లేచాను. రెండు రోజుల జీతం పోయింది. నాకు కళ్ళ కింద నలుపు చిన్నప్పటి నుంచి ఉంది, మా నాన్నకూ ఉండేది. నేను నిద్రపోయానని ఎలా నిరూపించుకోవాలి?

సింహగిరి_77
కళ్ళ కింద నలుపు ఉందంటే నిద్ర చాలలేదనే అర్థం. మా ఆఫీసులో నైట్ షిఫ్టు చేసేవాళ్ళందరికీ ఉంటుంది. ముఖం అబద్ధం చెప్పదు అన్నా. నువ్వు ఏడు గంటలు పడుకున్నావు, కానీ అది గాఢ నిద్ర కాకపోవచ్చు.

ఎంవీపీ_అమ్మమ్మ
నాయనా, బంగాళాదుంపను పల్చగా తరిగి కళ్ళ మీద పది నిమిషాలు పెట్టుకో. కీర దోసకాయ అయినా పర్వాలేదు. మా మనవడికి పదిహేను రోజులు చేశాను, కొంచెం తగ్గింది.

పరవాడ_రూట్_బస్
అమ్మా, నలుపు తగ్గించుకోవడానికి అడగలేదు. ఆ నలుపును చూసి నిద్రపోలేదని ఎలా అంటారు అన్నది నా బాధ.

స్టూడియో_భాస్కర్
జగదాంబ దగ్గర ఇరవై ఆరేళ్ళుగా స్టూడియో నడుపుతున్నాను. సలహా చెప్పే ముందు నాలుగు విషయాలు కావాలి. సెల్ఫీ ఎక్కడ నిలబడి తీస్తారు? లైటు ఎక్కడుంది? ఫోను ఎంత ఎత్తులో పట్టుకుంటారు? వెనక ఏముంటుంది?

పరవాడ_రూట్_బస్
షెడ్డు ముందు ఒక స్తంభం ఉంది, తెల్ల ఎల్‌ఈడీ దీపం. చీకట్లో ముఖం కనబడాలని సరిగ్గా దాని కిందే నిలబడతాం. ఫోను ఛాతీ దగ్గర పట్టుకుంటాను. వెనక మా బస్సు, హెడ్‌లైట్లు వేసే ఉంటాయి.

స్టూడియో_భాస్కర్
మనిషిని అలసిపోయినట్టు చూపించమని ఎవరైనా నాకు డబ్బిస్తే, నేను సరిగ్గా ఇలాగే పెడతాను. మీరు చెప్పిన ఒక్కొక్కటీ విడిగా చూద్దాం.

ముందు దీపం. నెత్తి మీద నుంచి వెలుగు పడితే కనుబొమల ఎముక నీడ కళ్ళలోకి దిగుతుంది. కింది రెప్ప దగ్గరున్న చిన్న ఉబ్బు తన నీడను బుగ్గ మీదకు వేస్తుంది. మీకు అసలే అక్కడ రంగు ఎక్కువ, దాని మీద ఈ నీడ. రెండూ కలిసి గుంటలాగా కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం ముహూర్తం పెళ్ళిళ్ళలో ఇదే మాకు తలనొప్పి. పెళ్ళికొడుకు తొమ్మిది గంటలు పడుకుని వచ్చినా ఆరుబయట ఎండలో కళ్ళు గుంటలే. అందుకే కుర్రాడి చేత తెల్ల థర్మాకోల్ షీటు ఛాతీ కింద పట్టిస్తాం. కింద నుంచి కాస్త వెలుగు తిరిగి కొడితే ఆ గుంటలు మాయం. మనిషి మారలేదు, నీడ పోయింది అంతే.

రెండోది ఫోను ఎత్తు. ఛాతీ దగ్గర ఉంటే మీరు కిందికి చూస్తారు. చూపు కిందికి పోతే పై రెప్ప కూడా దాంతోపాటు దిగుతుంది. దాన్ని చూసి "రెప్పలు వాలిపోయాయి" అంటారు.

మూడోది హెడ్‌లైట్లు. వెనక అంత వెలుగుంటే ఫోను దాన్ని సర్దడానికి మొత్తం ఫోటో చీకటి చేస్తుంది, ముఖం ఇంకా నల్లబడుతుంది. తెర మీద ముఖాన్ని వేలితో తాకితే ముఖానికి తగ్గట్టు సర్దుకుంటుంది. చాలామంది ఆ పని చేయరు.

సింహగిరి_77
అంటే నలుపు అసలు లేనట్టేనా? ఆయనే చిన్నప్పటి నుంచి ఉందంటున్నాడు కదా.

స్టూడియో_భాస్కర్
ఉంది. కానీ అందులో రంగు ఎంత, నీడ ఎంత అన్నది తేల్చుకోవచ్చు. అద్దం ముందు నిలబడి టార్చి వెలుగు కంటి ఎత్తులో ఎదురుగా పడేలా ఎవరినైనా పట్టుకోమనండి. కళ్ళలోకి మరీ దగ్గరగా వద్దు. ఎదురు వెలుగులో పోయింది నీడ, మిగిలింది రంగు. ఆ మిగిలిన రంగు నిన్న రాత్రి వచ్చింది కాదు, ఎల్లుండికి పోయేదీ కాదు.

నిద్ర_ల్యాబ్_సుధ
నేను నిద్ర పరీక్షలు చేసే ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. భాస్కర్ గారు వెలుగు గురించి చెప్పారు, నేను నిద్ర వైపు నుంచి చెప్తాను.

సింహగిరి గారు అన్నదాంట్లో కొంత నిజం ఉంది. స్వీడన్‌లో కరోలిన్‌స్కా అనే వైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. పదిమందిని మామూలుగా నిద్రపోయాక ఒకసారి, 31 గంటలు మేలుకున్నాక ఒకసారి ఫోటో తీశారు. ఆ ఇరవై ఫోటోలూ నలభై మందికి చూపించారు. నిద్రలేని ఫోటోల్లో రెప్పలు వాలినట్టు, కళ్ళు ఎర్రగా, ఉబ్బినట్టు, కింద నలుపు ఎక్కువైనట్టు, చర్మం పాలిపోయినట్టు, నోటి చివరలు కిందికి దిగినట్టు చూసినవాళ్ళకు అనిపించింది.

కానీ అక్కడ ప్రతి మనిషివీ రెండు ఫోటోలున్నాయి, వెలుగూ కెమెరా మారకుండా తీసినవి. తేడా చూసింది ఒకే మనిషి రెండు ఫోటోల మధ్య, అదీ అందరి మీద సగటు. మీ సూపర్‌వైజరు దగ్గర ఉన్నది ఒకటే ఫోటో, స్తంభం కింద తీసింది. ఇంకో మాట. ఆ పరిశోధకులే తర్వాత 181 మందితో, ఒక రాత్రి నిద్ర మాన్పించి చేసి 2019లో ప్రచురించిన దాంట్లో ఆ తేడాలు అంత నమ్మకంగా బయటపడలేదు. స్టూడియోలోనే అలా ఉంటే షెడ్డు దగ్గర సంగతి చెప్పేదేముంది.

సింహగిరి_77
రెండో అధ్యయనం సంగతి నాకు తెలియదు. కానీ పాలిపోవడం మాట? రక్తం తగ్గితే ముఖం తెల్లబడటం ఫోటోలో తెలుస్తుంది కదా.

స్టూడియో_భాస్కర్
ఫోనులో రంగును నమ్మకండి. ఫోను ప్రతి ఫోటోకూ "ఇక్కడ తెలుపు ఏది" అని తనే ఊహించుకుని రంగులన్నీ సర్దుతుంది. బస్సు పసుపు రంగులో ఉండి, అది ఫోటోలో సగం ఆక్రమిస్తే, ఆ పసుపును తగ్గిద్దామని ముఖాన్ని కూడా నీలంగా, పాలిపోయినట్టు చేసేయొచ్చు. ఆకుపచ్చ గోడ పక్కన నిలబడితే బుగ్గ మీదే ఆకుపచ్చ పడుతుంది.

దీనికి సులువైన ఉపాయం ఉంది. బుగ్గ పక్కన తెల్ల ఏ4 కాగితం పట్టుకుని ఫోటో తీయండి. ఫోటోలో కాగితం నీలంగా వచ్చిందంటే ముఖం కూడా అంతే నీలంగా వచ్చిందని అర్థం, ఆ ఫోటోలో పాలిపోవడం గురించి ఎవరూ మాట్లాడకూడదు. ప్రతిరోజూ అదే కట్టలోని కాగితం వాడండి, ఒక్కో కంపెనీ కాగితం ఒక్కో తెలుపు.

ఎంవీపీ_అమ్మమ్మ
ఇది నాకు చాలా పనికొచ్చింది బాబూ. మా అబ్బాయి డల్లాస్ నుంచి వీడియో కాల్ చేస్తాడు. రోజూ కళ్ళు లోపలికి పోయి కనిపిస్తాడు. నిద్రపోవట్లేదని నేను నిద్ర మానుకున్నాను. వాడి వంటింట్లో సరిగ్గా నెత్తి మీద లైటు ఉంది. ఈ రోజు కిటికీ వైపు తిరగమన్నాను. మొహం కళగా ఉంది! నెల రోజులు ఊరికే బెంగపడ్డాను.

సి_షిఫ్టు_శ్రీను
మీరందరూ ఒక వైపే చూస్తున్నారు. నా అనుభవం తిరగబడింది, దయచేసి వినండి.

ప్లాంట్‌లో సి షిఫ్టు చేసేవాణ్ణి. ఒకసారి ఇంట్లో శుభకార్యం, పగలంతా పడుకోలేదు. రాత్రి డ్యూటీ చేసి పొద్దున ఆరింటికి దిగేసరికి 24 గంటలు మేలుకున్నట్టు. అక్కడి నుంచి పడుకోకుండా స్నేహితులతో ఆర్కే బీచ్‌కి వెళ్ళాను. అక్కడ తీసుకున్న సెల్ఫీ నా దగ్గర ఇప్పటికీ ఉంది. ముఖం తామరపువ్వులా ఉంటుంది. తిరిగి వస్తూ కూర్మన్నపాలెం దాటాక బైకు మీదే కన్ను మూతపడింది. డివైడరు రాసుకుని పడ్డాను. భుజం ఎముక విరిగింది. వెనక లారీ లేదు కాబట్టి ఈ రోజు ఇది రాస్తున్నాను. ఆ సెల్ఫీ మా సూపర్‌వైజరు చూసుంటే సంతోషంగా బండి ఇచ్చేవాడు.

స్టూడియో_భాస్కర్
శ్రీను తమ్ముడూ, నువ్వు బతికి బయటపడ్డావు, అది చాలు. ఆ ఫోటో అలా ఎందుకొచ్చిందో చెప్పగలను. మన బీచ్ తూర్పు ముఖం. పొద్దున్నే సముద్రం వైపు తిరిగి నిలబడితే సూర్యుడు కంటి ఎత్తులోనే ఎదురుగా ఉంటాడు, ఒక్క నీడ మిగలదు. వెచ్చని రంగు ముఖానికి నెత్తురు ఎక్కినట్టు చేస్తుంది. ఆ పైన చాలా ఫోన్లలో ముందు కెమెరాకు బ్యూటీ మోడ్ కొన్న రోజు నుంచే ఆన్‌లో ఉంటుంది. అది కళ్ళ కింద మచ్చ, గీత రెండూ తుడిచేస్తుంది. నువ్వు సముద్రం వెనక పడేలా తిరిగి ఉంటే ఇదే ముఖం నల్లగా వచ్చేది.

సి_షిఫ్టు_శ్రీను
అవును, సముద్రం వైపే తిరిగి ఉన్నాం. ఎండ కళ్ళలో కొడుతోంది అనుకున్నట్టు గుర్తు.

గేటు_ఇన్‌ఛార్జి_నాని
నేను వేరే కంపెనీలో రవాణా చూసుకుంటాను. మీ కాంట్రాక్టరును వెనకేసుకురావడం లేదు, కానీ మా వైపు కష్టం కూడా చూడండి. నా కింద 34 మంది డ్రైవర్లు. ఒక్కో బస్సులో నలభై, యాభై మంది ఆడపిల్లలు, కుర్రాళ్ళు. ఎవరో ఒకరు నిద్రమత్తులో లంకెలపాలెం దగ్గర గోతిలో దించితే రేపు నేను ఏం సమాధానం చెప్పాలి? మద్యం అయితే ఊదించే మిషను ఉంది. నిద్రకు ఏ మిషనూ లేదు. అందుకే ఫోటో. ఫోటో వద్దంటే మరి ఏం చేయమంటారు?

నిద్ర_ల్యాబ్_సుధ
నాని గారూ, మీ భయం నిజమైనది. 17 గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి దిగిపోతుందని కొలిచి చూశారు. మన దేశంలో వాహనం నడిపేవాడికి పరిమితి 0.03 శాతమే. కాబట్టి మీరు ఆపాలనుకోవడం తప్పు కాదు. ఆపడానికి వాడే సాధనం తప్పు.

నిద్రమత్తు ముఖం మీద అచ్చుపడి ఉండే గుర్తు కాదు, కాలంతో వచ్చిపోయేది. డ్రైవర్లను గమనించే కెమెరాలు ఫోటో తీయవు, వీడియో చూస్తాయి. ఒక నిమిషంలో రెప్పలు ఎనభై శాతానికి పైగా మూసుకుని ఉన్న సమయం ఎంత అని లెక్కేస్తాయి. మన కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు అవే వేసుకుంటాయి కాబట్టి వీధి దీపంతో పని లేదు. ఒక్క ఫోటోలో రెప్ప సగం మూసి ఉంటే అది నిద్రమత్తా, మామూలు రెప్పపాటా చెప్పడం కుదరదు. చీకట్లో ఫోను నైట్ మోడ్‌లో కొన్ని ఫోటోలు కలిపి ఒకటి చేస్తుంది, మధ్యలో రెప్ప కొడితే మసకగా, సగం వాలినట్టు మిగులుతుంది.

మీరు చేయగలిగింది: ఫోను చేసి మూడు ప్రశ్నలు అడగండి. ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, అంతకుముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు. మాటలోనూ కొంత తెలుస్తుంది. అనుమానం వస్తే తెర మీద గుర్తు కనబడగానే నొక్కే పరీక్ష పెట్టండి. మా దగ్గర అది పది నిమిషాలు చేస్తాం. అర సెకను దాటిన జవాబులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతాం. నిద్ర లేకుండా మేలుకున్న మనిషికి అవి పెరుగుతాయి.

గేటు_ఇన్‌ఛార్జి_నాని
తెల్లవారుజామున నాలుగింటికి 34 మందికి పది నిమిషాల పరీక్షా? బస్సులు ఎప్పుడు కదలాలి మేడమ్? ఇక ప్రశ్నలంటారా, "ఎనిమిది గంటలు పడుకున్నాను" అని అందరూ ఒకే మాట చెప్తారు.

సి_షిఫ్టు_శ్రీను
చెప్తారు, ఎందుకంటే నిజం చెబితే ఆ రోజు జీతం పోతుంది. నిజం చెప్పినవాడికి కూలి ఇచ్చి ఇంటికి పంపండి, అప్పుడు చెప్తారు.

గేటు_ఇన్‌ఛార్జి_నాని
అది నా చేతిలో లేదు. పైవాళ్ళను అడిగితే రోజూ నలుగురు నిద్ర రాలేదంటారని భయపడతారు.

కంటిచూపు_పద్మ
కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాను. ఎర్ర కళ్ళు చూసి నిద్రలేమి అనుకునే ముందు దుమ్ము, అలర్జీ, కాంటాక్ట్ లెన్సులు కూడా గుర్తుంచుకోండి. పొద్దున లేవగానే కళ్ళ కింద ఉబ్బు చాలామందికి మామూలే, పడుకున్నప్పుడు నీరు చేరి కాసేపటికి దిగుతుంది. నాలుగింటి సెల్ఫీలో అది ఉండనే ఉంటుంది. ఇంకొకటి మాత్రం వదలకండి. ఒక్క కన్ను రెప్పే కొత్తగా వాలితే అది నిద్ర సంగతి కాదు, వెంటనే డాక్టరుకు చూపించాలి.

పరవాడ_రూట్_బస్
అందరికీ దండాలు. భాస్కర్ అన్న చెప్పినట్టు చేసి చూశాను.

మంగళవారం రాత్రి ఎనిమిది నుంచి మూడు వరకు పడుకున్నాను. నాలుగుంపావుకు రెండు ఫోటోలు తీశాను. ఒకటి ఎప్పటిలాగే స్తంభం కింద. ఇంకోటి స్తంభానికి అది ఎంత ఎత్తుందో అంత దూరం జరిగి, దీపం వైపు తిరిగి, ఫోను కంటి ఎత్తులో, కెమెరా చుక్కలోకి చూస్తూ, బుగ్గ పక్కన కాగితంతో. హెడ్‌లైట్లు ఆపేశాను, బ్యూటీ మోడ్ తీసేశాను. ఒకే ఉదయం, రెండు నిమిషాల తేడా. మొదటిది చూస్తే నాకే అనుమానం వచ్చింది. రెండోదాంట్లో నలుపు ఉంది కానీ గుంటల్లేవు.

శనివారం రాత్రి పాపకు జ్వరం వచ్చి తెల్లార్లూ మేలుకున్నాను. ఆదివారం నాకు సెలవు. అదే సమయానికి నడిచి షెడ్డుకు వెళ్ళి అదే చోట, అదే పద్ధతిలో కాగితంతో ఫోటో తీశాను. ఇప్పుడు పద్ధతిగా తీసిన ఆ రెండు ఫోటోలూ మా డ్రైవర్ల గ్రూపులో పెట్టి ఏది నిద్రలేనిది అని అడిగాను. ఏడుగురు జవాబిచ్చారు. నలుగురు నిద్రపోయిన ఫోటోనే నిద్రలేనిది అన్నారు. వాళ్ళంతా నన్ను రోజూ చూసేవాళ్ళే.

సింహగిరి_77
నాకూ పంపండి, నేనూ చూస్తాను. కాగితం రెండింటిలో ఒకే తెలుపు వచ్చిందా?

పరవాడ_రూట్_బస్
పంపాను. కాగితం దాదాపు ఒకేలా ఉంది. నా కంటికి తెలిసింది ఒక్కటే, ఆదివారం తెల్లగుడ్డు కొంచెం ఎర్రగా ఉంది. అదీ నా ఫోనులో. వాట్సాప్‌లో వెళ్ళాక ఆ ఎర్ర గీతలు పోయాయి.

స్టూడియో_భాస్కర్
పంపేటప్పుడు అది ఫోటోను నలిపేస్తుంది, ముందు పోయేది ఇలాంటి సన్నటి రంగు తేడాలే. అసలు గుర్తు పోయి నీడలు మాత్రం మిగులుతాయి.

సింహగిరి_77
చూశాను. ఆదివారంది నిద్రపోయింది అనుకున్నాను. తప్పు చెప్పాను. నోటి చివరలు మాత్రం ఆదివారం కొద్దిగా కిందికి ఉన్నాయని చెప్పాక కనిపించింది, ముందు కనిపించలేదు.

నిద్ర_ల్యాబ్_సుధ
చెప్పాక కనిపించడం అందరికీ జరుగుతుంది, అందుకే అధ్యయనాల్లో చూసేవాళ్ళకు ముందు చెప్పరు. మీ సూపర్‌వైజరుకు కూడా అదే సమస్య. "ఇతని కళ్ళు ఎప్పుడూ ఇంతే" అని ఒకసారి మనసులో పడితే ప్రతి ఫోటోలోనూ అదే కనిపిస్తుంది. పాప ఎలా ఉంది?

పరవాడ_రూట్_బస్
తగ్గింది మేడమ్, బడికి వెళ్తోంది.

గేటు_ఇన్‌ఛార్జి_నాని
మా షెడ్డులో కూడా స్తంభం కిందే తీస్తున్నారు. రేపు వెళ్ళి చూస్తాను. ఫోటో మానేయమని పైవాళ్ళకు చెప్పలేను, కానీ ఫోటో చూసి ఒక్కణ్ణీ వెనక్కి పంపను. అనుమానం వస్తే ఫోను చేసి మాట్లాడతాను. అబద్ధం చెప్పేవాడిని ఎలా పట్టుకోవాలో నాకు ఇంకా తెలియలేదు.

సి_షిఫ్టు_శ్రీను
బండి ఎక్కాక మొదటి అరగంట పక్కన క్లీనరునో, ముందు సీటు మనిషినో మాట్లాడిస్తూ ఉండమనండి. నన్ను ఆ రోజు ఎవరైనా మాట్లాడించి ఉంటే పడేవాణ్ణి కాదేమో.

నిద్ర_ల్యాబ్_సుధ
శ్రీను గారూ, మాటలు కాసేపే ఆపుతాయి. మీలాగా 24 గంటలు మేలుకున్నవాడిని మాటలతో నడిపించకూడదు, పడుకోబెట్టాలి.

పరవాడ_రూట్_బస్
ఈ రోజు మూడు ఫోటోలూ తీసుకుని సూపర్‌వైజరును కలిశాను. చాలాసేపు చూశాడు. స్తంభం కింద వద్దు, ఇక నుంచి ఆఫీసు గది తలుపు ముందు, దీపం వైపు తిరిగి తీయమన్నాడు. పోయిన రెండు రోజుల జీతం అడిగితే కాంట్రాక్టరుతో మాట్లాడతానన్నాడు. సోమవారం మళ్ళీ వెళ్తాను.